తేడా 25 శాతమా, 33 శాతమా?

ప్రశ్న: రాయగడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్‌ని. నా జీతం 18,000. నాతోపాటే చేరి అదే పని చేస్తున్న ఆయనకు 24,000. నాకు 33 శాతం తక్కువ ఇస్తున్నారని అడిగితే, మేనేజర్ 25 శాతమే అంటున్నారు. ఎవరి లెక్క సరైనది?

జవాబు: ‘తక్కువ’ అన్నారు కాబట్టి మేనేజర్ చెప్పిందే సరైనది. కానీ ఆ అంకెనే ఇంక్రిమెంటుగా ఒప్పుకుంటే నష్టపోయేది మీరే.

సంతలో చింతపండు కిలో 120 నుంచి 160కి పెరిగితే 33 శాతం పెరిగినట్టు. మళ్లీ 120కి దిగితే 25 శాతమే తగ్గినట్టు. రెండుసార్లూ తేడా 40 రూపాయలే, దాన్ని భాగించే ధరే మారింది. మీ 6,000 సంగతీ అంతే. ఆయన జీతం 24,000తో భాగిస్తే 25, మీ 18,000తో భాగిస్తే 33.3. స్త్రీ పురుషుల వేతన వ్యత్యాసాన్ని చెప్పేటప్పుడు మగవారి జీతాన్నే ఆధారంగా తీసుకోవడం వాడుక. అందుకే వ్యత్యాసం 25 శాతం అని రాయండి. పెంపు అడిగేటప్పుడు మాత్రం ఆధారం మీ జీతమే, ఎందుకంటే పెరగాల్సింది అదే.

‘సరే, 25 శాతం పెంచుతాం’ అంటే మీ జీతం 22,500 అవుతుంది. ఇంకా నెలకు 1,500 తక్కువ. ఏడాదికి 18,000, అంటే ఇప్పటి మీ ఒక నెల జీతం పోయినట్టే. ఇద్దరికీ చెరో 10 శాతం పెంచినా మోసపోకండి. శాతం 25 దగ్గరే ఉంటుంది, తేడా మాత్రం 6,600కి చేరుతుంది.

అడగబోయే ముందు రెండు పే స్లిప్పుల్లోనూ గ్రాస్ చూడండి. పీఎఫ్, అడ్వాన్సు కోతలు పోగా చేతికొచ్చేదాన్ని పోల్చకూడదు. ఆయన 24,000లో ఆఫీసు పని మీద బండి తిప్పినందుకు ఇచ్చే పెట్రోలు ఖర్చు 1,500 ఉందనుకోండి. అది జీతం కాదు, తీసేయండి. అప్పుడు 22,500కు 18,000. తేడా 20 శాతం, మీకు కావాల్సిన పెంపు 25 శాతం. నెలనెలా ఇచ్చే కన్వేయన్స్ అలవెన్స్ అయితే తీసేయకండి. సమాన వేతనం చూసేటప్పుడు 2019 వేతనాల కోడ్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే యజమాని దగ్గర ఒకే పనికి లింగ భేదంతో జీతం తగ్గించకూడదన్నదీ ఆ చట్టమే. పనితీరు, అనుభవం వల్ల తేడా అంటే ఆ కారణాన్ని రాతపూర్వకంగా అడగండి.

ఉత్తరంలో శాతాన్ని ఒంటరిగా వదలకండి. పెట్రోలు ఖర్చులాంటిదేమీ లేదని తేలితే ఇలా రాయండి: “నా గ్రాస్ 18,000, అదే హోదాలో ఉన్న సహోద్యోగికి 24,000. ఆయన జీతం మీద చూస్తే తేడా 25 శాతం. సమానం కావాలంటే నా జీతం నెలకు 6,000, అంటే 33.3 శాతం పెరగాలి.”