ఆ గ్రాఫులో 1966 ఎక్కడుందో వెతకండి

ప్రశ్న: డాలర్-రూపాయి పాత చార్ట్ చూస్తుంటే రూపాయి ఈ పదేళ్లలోనే ఎక్కువ పడిపోయినట్టుంది. లాగ్ స్కేల్‌లో చూడమంటున్నారు, తేడా ఏంటి?

ఇదే గొడవ మా ఇంట్లోనూ అయింది. డాలస్‌లో ఉండే మా మేనత్త కొడుకు 2022 అక్టోబర్‌లో డాలర్ 82 దాటగానే ఫ్యామిలీ గ్రూపులో 1960 నుంచి ఉన్న గ్రాఫ్ ఒకటి పడేసి, ఎప్పుడూ లేనంతగా పడిపోయింది చూడండి అన్నాడు. గీత నిజంగానే కుడివైపుకి వచ్చేసరికి కొండెక్కినట్టుంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మా నాన్న ఒకటే అడిగారు, "అందులో 1966 ఏదిరా?" అని. జూమ్ చేసి చూస్తే చీమ తలకాయంత మెట్టు!

1966 జూన్ 6న డాలర్ 4.76 నుంచి ఒక్క దెబ్బకి 7.50 అయింది, అంటే 476 రూపాయలకొచ్చే వంద డాలర్ల సరుకు తెల్లారేసరికి 750, దాదాపు 58 శాతం. 2022లో ఏడాదంతా కలిపి 74 నుంచి 83 దాకా పోయింది, 12 శాతం. కానీ మామూలు స్కేల్‌కి శాతాలు పట్టవు, రూపాయలే లెక్క. రూపాయికి 2 మిల్లీమీటర్లు చొప్పున గీస్తే 1966 ఐదున్నర మిల్లీమీటర్లు, 2022 పద్దెనిమిది. చిన్న దెబ్బ మూడింతలు పెద్దగా కనిపిస్తుంది. లాగ్ స్కేల్‌కి శాతమే లెక్క, శాతం సమానమైతే ఎత్తూ సమానమే. 18 సెంటీమీటర్ల కాగితం మీద 4 నుంచి 100 దాకా అలా గీస్తే 1966 రెండున్నర సెంటీమీటర్లు లేస్తుంది, 2022 ఆరున్నర మిల్లీమీటర్లే. మా ఊళ్లో ఇంటి స్థలాల రేట్లకి కూడా ఇలాగే గీసి చూపిస్తే సగం మంది బ్రోకర్లు ఊరొదిలి పోతారు, అది వేరే కథ.

ఎక్సెల్‌లో నిలువు యాక్సిస్ మీద రైట్ క్లిక్ కొట్టి Format Axis లో Logarithmic scale టిక్ పెడితే సరిపోదు, అది 1, 10, 100 అని మూడే గీతలు గీసి ఊరుకుంటుంది, ఎవరు పెట్టారో గానీ చిరాకు. Base దగ్గర 2, Minimum దగ్గర 4 కొట్టండి. అప్పుడు 4, 8, 16, 32, 64, 128 అని సమాన దూరంలో గీతలొస్తాయి, ఒక గీత ఎక్కితే డాలర్ రేటు డబుల్ అయినట్టు.

ఇక డాలర్ ఏడాది సగటు రేటు ఏ గీతని ఎప్పుడు దాటిందో చూడండి. 8 నుంచి 16కి తొమ్మిదేళ్లు (1980 ప్రాంతం నుంచి 1989), 16 నుంచి 32కి ఆరేళ్లే, మధ్యలో 1991 జూలైలో రూపాయి విలువని కావాలనే తగ్గించిన డీవాల్యుయేషన్ ఉంది కదా. 32 నుంచి 64కి మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు, 2015 దాకా. అంటే మా బావ కొండ అనుకున్న చోట వాలు తగ్గింది! చెప్తే థంబ్స్ అప్ పెట్టి, వారానికి మళ్లీ అదే గ్రాఫ్ ఫార్వర్డ్ చేశాడు.

ఆరు నెలల చార్ట్‌కి ఇదంతా అక్కర్లేదు లెండి, 82 నుంచి 86 మధ్య రెండు స్కేళ్లలోనూ గీత ఒకేలా ఉంటుంది.