పివట్ టేబుల్‌లో దసరా గిరాకీ నెల మారుతున్నది ఎందుకు?

ప్రశ్న: మాది నల్లగొండలో చీరల దుకాణం. నెలనెలా దింపుకున్న ఆర్డర్లను పివట్ టేబుల్‌లో రకాల వారీగా కూడితే, పండుగ గిరాకీ ఒక ఏడు అక్టోబరులో, మరో ఏడు సెప్టెంబరులో కనబడుతోంది. ఎట్లా పోల్చాలి?

జవాబు: నెలతో కాకుండా, దసరాకు ఎన్ని వారాల ముందు ఆర్డరు వచ్చిందో ఆ లెక్కతో పోల్చాలి. దసరా తిథిని బట్టి వస్తుంది కనుక 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న పడింది. అందువల్ల 2025లో బతుకమ్మ కొనుగోళ్లు చాలావరకు సెప్టెంబరులోనే ముగిశాయి.

అన్ని నెలల ఫైళ్లను ఒకే షీటులో ఒకదాని కింద ఒకటి చేర్చి, తేదీ B నిలువు వరుసలో ఉంటే, పక్కన ఈ సూత్రంతో వారం అనే నిలువు వరుసను, =YEAR(B2)తో సంవత్సరం అనే మరో నిలువు వరుసను చేర్చండి:

```
=INT((B2-IF(YEAR(B2)=2024,DATE(2024,10,12),DATE(2025,10,2)))/7)
```

ఇందులో -1 అంటే దసరాకు ముందరి ఏడు రోజులు. పివట్ టేబుల్‌లో చీర రకాన్ని, దాని కింద సంవత్సరాన్ని Rows లో, వారాన్ని Columns లో, ఆర్డరు మొత్తాన్ని Values లో పెట్టాలి.

ఉదాహరణకు, గద్వాల చీరల ఆర్డర్లు 2024 సెప్టెంబరులో 120, అక్టోబరులో 310. 2025లో వరుసగా 300, 115 అనుకుందాం. అక్టోబర్లను మాత్రమే పోల్చితే గిరాకీ దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయినట్టు కనిపిస్తుంది, కానీ రెండు నెలలూ కలిపితే 430, 415. అంటే తేడా స్వల్పమే.

నెలల వారీగా Group చేస్తే చాలునని చాలామంది పొరబడతారు. అందులో Years కూడా ఎంచుకోకపోతే, రెండేళ్ల అక్టోబర్లు ఒకే అంకెలో కలిసిపోతాయి. తేదీలు గడిలో ఎడమకు అతుక్కుని ఉంటే అవి బహుశా అక్షరాలుగా దిగుమతి అయినవి. వాటిని సరిచేయనిదే ఏ లెక్కా నమ్మదగినది కాదు.