టెక్ సందేహాలు: లిఫ్టు కింద పడదు, పైకి పోతుంది

"మాది కడప. మూడు లక్షల్లో అయిపోయేలా మొత్తం ఒకే లిఫ్టులో జరిగే థ్రిల్లర్ రాస్తున్నాను సార్. విలన్ ల్యాప్‌టాప్‌తో లిఫ్టును హ్యాక్ చేసి ఐదో అంతస్తు నుంచి కిందికి వదిలేస్తాడు. లోపలున్న అమ్మాయి ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. టెక్నికల్‌గా తప్పులున్నాయా? తెలుగులో స్క్రిప్టు రాసుకోవడానికి ఏం వాడాలి? లింకు పంపుతున్నాను, చూడండి."

లిఫ్టును హ్యాక్ చేసి పడేయడం, ఫోన్‌కి సిగ్నల్ లేకపోవడం, రెండూ తప్పే. ఈ మధ్య నాకు వచ్చిన లిఫ్టు కథల్లో మీది నాలుగోది. నాలుగింటిలోనూ అదే ల్యాప్‌టాప్ విలన్, అదే సిగ్నల్ లేని ఫోను.

మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా ఉండేది తాళ్ల లిఫ్టు. ఉక్కు తాళ్లకు ఒక చివర క్యాబిన్, రెండో చివర బరువు దిమ్మలు ఉంటాయి. ఖాళీ క్యాబిన్ ఎంత బరువుంటుందో అంతా, దానిమీద లిఫ్టు మోయగలిగే బరువులో ఇంచుమించు సగం, కలిపి దిమ్మలు కడతారు. ఎనిమిది మంది లిఫ్టు అంటే మనిషికి 68 కిలోల చొప్పున 544 కిలోలు. అంటే దిమ్మలు ఖాళీ క్యాబిన్ కంటే దాదాపు 270 కిలోలు ఎక్కువ తూగుతాయి. మీ అమ్మాయి 55 కిలోలు ఉంటుందేమో. బ్రేకు వదిలితే ఆ క్యాబిన్ కిందికి రాదు, పైకి పోతుంది. కింద పడాలంటే తాళ్లన్నీ ఒకేసారి తెగాలి. తెగినా వేగం హద్దు దాటగానే, దాన్ని కనిపెట్టే గవర్నర్ అనే పరికరం పనిచేసి, క్యాబిన్‌కు ఉండే సేఫ్టీ గేర్ పట్టాలను కరిచి పట్టుకుంటుంది. అది ఇనుముతో జరిగే పని. దానికి పాస్‌వర్డ్ ఉండదు, హ్యాక్ చేయడానికి అక్కడేమీ లేదు.

కానీ ఆ పైకి పోవడమే మీకు కావాల్సింది. మిద్దె మీది మెషిన్ రూములో ఎవడో బ్రేకు లివరును చేత్తో కొద్దికొద్దిగా వదులుతున్నాడు. లోపల అంకెలు వెలగడం లేదు. తలుపు సందులో కనిపించే వెలుగు గీత మాత్రం మెల్లగా కిందికి జారుతోంది. పడిపోతానని భయపడుతున్న మనిషికి తను పైకి పోతున్నానని అప్పుడు తెలుస్తుంది. దీనికి గ్రాఫిక్స్ అక్కర్లేదు. సెట్టు బయట ఒక కుర్రాడు ట్యూబ్‌లైటు పట్టుకుని మెల్లగా కిందికి దించితే చాలు.

ఇక కరెంటు సంగతి. తొమ్మిదో పేజీలో విలన్ బిల్డింగ్ మొత్తానికి కరెంటు తీసేస్తాడు, పదకొండో పేజీలో సీసీ కెమెరాలో అమ్మాయిని చూస్తుంటాడు. కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె, అదే డీవీఆర్, దేనిమీద నడుస్తోంది? ఏది ఏ లైనుమీద ఉందో ముందు కాగితం మీద రాసుకోండి. లిఫ్టు మోటారుది త్రీ ఫేజ్. క్యాబిన్ లైటు, ఫ్యానులది మామూలుగా వేరే లైను. డీవీఆర్, వైఫై రూటర్ వాచ్‌మన్ గదిలోని ఇన్వర్టర్ మీద ఉన్నాయనుకోండి. విలన్ త్రీ ఫేజ్ ఒక్కటే తీస్తే లిఫ్టు ఆగుతుంది, లైటు ఉంటుంది, కెమెరా చూస్తూనే ఉంటుంది. మీకు లైటింగ్ ఖర్చు కూడా తగ్గుతుంది. ఏఆర్‌డీ అనే పరికరం ఉన్న లిఫ్టులో కరెంటు పోతే అది బ్యాటరీతో క్యాబిన్‌ను దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీస్తుంది కదా అని ఎవరైనా అడుగుతారు. ఆ బ్యాటరీ చచ్చి ఏడాదైందని, కొత్తదానికి ఫ్లాటుకింత వేసుకుందామని సెక్రటరీ వాట్సాప్ గ్రూపులో మొత్తుకుంటున్న మెసేజి మొదటి పేజీలోనే చూపించండి. కడపలోనే కాదు, ఏ ఊళ్లో చూపించినా నమ్ముతారు.

ఇప్పుడు విలన్. నన్ను నిజంగా భయపెట్టేది ఇక్కడుంది. కెమెరా చూడటానికి వాడు హ్యాకర్ కానక్కర్లేదు, ఆ కెమెరాలు బిగించినవాడైతే చాలు. బిగించిన రోజు డీవీఆర్‌ను తన ఫోన్‌లోని యాప్‌కు, తన నంబరుతోనే కలుపుకుంటాడు. తర్వాత సెక్రటరీకి షేర్ చేస్తాడు. అంటే అసలు యజమాని ఖాతా వాడిదే. కర్నూలులో మా అపార్ట్‌మెంటుకు కెమెరాలు పెట్టినతను రెండేళ్ల తర్వాత టీ కొట్టు దగ్గర కలిసి, "మీ లిఫ్టులో మ్యాటు మార్చారే సార్" అన్నాడు. ఫోను తీసి చూపించాడు కూడా. మా పక్కింటి ఆవిడ కూరగాయల సంచితో లిఫ్టులో నిలబడి ఉంది. అతను చెడ్డవాడు కాదు, మేమే నిర్లక్ష్యంగా ఉన్నాం. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఇలాంటివాళ్లు అన్నిసార్లూ బయటికి పోరు. ఆ పరికరాన్ని పాత ఖాతానుంచి విడదీసి, డీవీఆర్‌లో యూజర్ల పట్టీ తెరిచి, తెలియని పేర్లన్నీ తీసేయాలి. పెట్టె మీద క్యూఆర్ స్టిక్కరు, దాని పక్కనే 123456 అని స్కెచ్ పెన్నుతో రాసిన పాస్‌వర్డ్ ఉన్న వాచ్‌మన్ గదులు నేను లెక్కలేనన్ని చూశాను. మొదటిసారి ఆన్ చేసినప్పుడే పాస్‌వర్డ్ మార్చుకోమని పట్టుబట్టని డీవీఆర్ తయారుచేసినవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

మీ విలన్ ఆ కెమెరాలు బిగించినవాడే. మైకు ఉన్న కెమెరా కాబట్టి ఆమె మాటలు కూడా వింటాడు.

ఫోన్‌ను చంపకండి. స్టీలు క్యాబిన్‌లో సిగ్నల్ బలహీనపడుతుంది, తెగితెగి వస్తుంది, కానీ ప్రతిసారీ పూర్తిగా పోదు. సొంత నెట్‌వర్క్ అందకపోయినా వేరేది అందితే 112 కాల్ దానిమీద వెళ్లే వీలుంది. కాబట్టి కాల్ కలవనివ్వండి. ఆమె ఆ ఇంటికి మొదటిసారి వచ్చింది, మ్యాప్ చూసుకుంటూ వచ్చింది. డేటా ఇప్పుడు పనిచేయడం లేదు. "ఏ అపార్ట్‌మెంటమ్మా?" అని అడిగితే "ఏడు రోడ్ల దగ్గర..." అనడం తప్ప పేరు తెలియదు. బ్యాటరీ 18 శాతం. బలహీనమైన సిగ్నల్ కోసం వెతుక్కునే ఫోను మామూలుకంటే తొందరగా ఖాళీ అవుతుంది కాబట్టి మీ గడియారం అదే. ఆఖరికి పోలీసులు ఎలాగో ఇల్లు కనుక్కుని వస్తారు. అంతా విన్న విలన్ గేటు దగ్గరే నిలబడి, "ఆ మేడమ్ ఇందాకే వెళ్లిపోయారు సార్, లిఫ్టు బాగైంది" అంటాడు. ఆ మాట ఆమెకు గోడలోంచి లీలగా వినపడాలి.

నిజం లిఫ్టులో మాత్రం తీయకండి. సుమారు నాలుగడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతులో ట్రైపాడే పట్టదు, స్టీలు గోడలో కెమెరామన్ కనిపిస్తాడు. గోడలు ఒక్కొక్కటిగా ఊడదీసుకునేలా ప్లైవుడ్ పెట్టె ఏదైనా గోడౌనులో కట్టించి, లోపల మెరుపు లేని షీటు అతికించండి.

రాయడానికి ఫౌంటెన్ పద్ధతి చాలు. మామూలు టెక్స్టులోనే చిన్న చిన్న గుర్తులతో స్క్రిప్టు రాసే పద్ధతి అది, ఏ నోట్స్ యాప్‌లోనైనా టైపు చేసుకోవచ్చు. అది పాత్రల పేర్లను ఇంగ్లిష్ పెద్ద అక్షరాలను బట్టి గుర్తుపడుతుంది. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి సీను ముందు చుక్క, పేరు ముందు @ మీరే పెట్టాలి:

```
.లిఫ్టు లోపల - రాత్రి

@అమ్మాయి
ఎవరైనా ఉన్నారా?
```

పేజీకి ఒక నిమిషం అనే లెక్క ఇంగ్లిష్ స్క్రిప్టు ఫార్మాట్‌ది, తెలుగుకు కుదరదు. సీనును గట్టిగా చదువుతూ స్టాప్‌వాచ్‌తో కొలవండి.

మీరు పంపిన లింకు, ఎవరైనా ఎడిట్ చేయగలిగేలా ఉంది. ఆరో పేజీలో ఒక కామా నేనే తీసేశాను, చూసుకోండి. పన్నెండో పేజీ డైలాగులో అమ్మాయి ఫోను నంబరు పది అంకెలూ రాశారు. అది ఎవరిదో ఏమో, సినిమా ఆడిన రోజు వాళ్లకు నిద్ర ఉండదు. మార్చండి.