నాన్నగారి జ్ఞాపకాల పేజీ: ఊరివాళ్ళకి ఎంత, ఇంట్లోవాళ్ళకి ఎంత

ప్రశ్న: నాన్నగారు పోయి ఐదు నెలలవుతోంది. సంవత్సరీకం లోపు ఆయన పేరు మీద ఆన్‌లైన్లో ఒక పేజీ పెట్టాలని అమెరికాలో ఉన్న అక్క పట్టుబడుతోంది. ఫోటోలు, బంధువులు చెప్పే కబుర్లు అన్నీ అందులో ఉండాలట. అమ్మేమో "మన ఇంటి సంగతులు లోకమంతా చూడ్డం ఎందుకు" అంటోంది. ఎక్కడ పెట్టాలి, ఎవరికి కనపడేలా పెట్టాలి? చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

జవాబు:

మా పెద్దమ్మ పోయాక మేమూ ఇలాంటి పేజీ పెట్టాం. ఆవిడ ప్రకాశం జిల్లాలో ఏఎన్‌ఎమ్‌గా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో సగం మందికి ఆవిడ "నర్సమ్మ గారు". అందరూ చూసేలా పెడదామని మా అన్నయ్య, అక్కర్లేదని పెదనాన్న. చివరికి ఒకటి కాకుండా రెండు పెట్టాం. బయటివాళ్ళకి చిన్నది, ఇంటివాళ్ళకి పెద్దది. మీ ఇంట్లోనూ ఇదే కుదురుతుందనిపిస్తోంది. ఏ సైట్లో పెట్టాలన్నది తర్వాతి సంగతి. ఏది ఎవరు చూడొచ్చో ముందు తేల్చుకుంటే మిగతాదంతా సులువుగా తెగిపోతుంది.

బయటి పేజీలో ఒక మంచి ఫోటో, పేరు, ఊరు, చేసిన ఉద్యోగం గురించి ఒక పేరా, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం ఉంటే చాలు. వాటితో పాటు తిథి రాయండి, "మాఘ బహుళ ఏకాదశి" అన్నట్టు. ఇంగ్లీషు తేదీ ప్రకారం ఆబ్దికం రాదు కదా, ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. మా పేజీలో జనం ఎక్కువగా వెతుక్కునేది ఆ ఒక్క లైనే.

పుట్టిన తేదీ పూర్తిగా వేయకండి, సంవత్సరం చాలు. పేరు, పూర్తి తేదీ రెండూ దొరికితే బ్యాంకు వాళ్ళలా, బీమా వాళ్ళలా మాట్లాడటం మోసగాళ్ళకి తేలిక. డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డే చూడండి, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. (మన పెద్దల్లో చాలామందికి సర్టిఫికెట్‌లో ఉండేది బడిలో వేసిన జూలై 1. అసలు పుట్టినరోజు అది కాకపోయినా పెన్షన్‌కీ, పాన్‌కీ పనికొచ్చేది అదే, కాబట్టి దాచాల్సిందీ అదే.) కుటుంబ సభ్యుల జాబితా, ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో, ఫోన్ నంబర్లు కూడా బయటి పేజీలో వద్దు. చావు జరిగిన ఇంటికి "మీ నాన్నగారి పాలసీ బోనస్ ఆగిపోయింది, విడుదల చెయ్యాలంటే ముందు కొంత కట్టండి" అని ఫోన్లు వస్తాయి. పెద్ద కొడుకు పేరు, భార్య పేరు ముందే తెలిసి ఉంటే ఆ గొంతుని నమ్మేస్తాం. కర్మకి, ఆబ్దికానికి వేళ, చిరునామా వాట్సాప్ గ్రూపులోనే చెప్పుకోండి. ఆ రోజు ఇంటికి తాళం ఉంటుందని ఊరందరికీ చెప్పడం దేనికి?

ఇంటివాళ్ళ పేజీకి మేము గూగుల్ సైట్స్ వాడాం. అది ఉచితం, పైగా ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ప్రతివాళ్ళకీ జీమెయిల్ ఉంటుంది కాబట్టి కొత్తగా ఖాతా తెరవమని పెద్దవాళ్ళని అడగనక్కర్లేదు. పేజీ తయారయ్యాక పైన Share నొక్కి, Published site అన్నచోట Restricted పెట్టి, చూడాల్సినవాళ్ళ జీమెయిల్ ఐడీలు చేర్చాలి. జాబితాలో లేనివాళ్ళకి లింకు చేరినా తెరుచుకోదు. ఒకే సైట్లో కొన్ని పేజీలు దాస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, అక్కడ Hide from navigation అనేది మెనూలోంచి మాత్రమే తీసేస్తుంది, తాళం వేయదు. లింకు తెలిసినవాళ్ళు తిన్నగా లోపలికి వచ్చేస్తారు. అందుకే బయటిదానికి ఒక సైటు, ఇంటిదానికి వేరే సైటు. బయటిది కూడా గూగుల్ వెతుకులాటలో కనపడకూడదని అమ్మగారు అంటే, Publish దగ్గరి సెట్టింగుల్లో Request public search engines to not display my site అన్నదానికి టిక్ పెట్టండి. అప్పుడు లింకు అందుకున్నవాళ్ళే చూస్తారు. అన్నీ అయ్యాక బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి రెండు లింకులూ కొట్టి చూడండి. ఇంటి పేజీ లాగిన్ అడగాలి. అడగకుండా తెరుచుకుంటే ఎక్కడో తాళం పడలేదన్నమాట.

ఆడియోలు, వీడియోలు డ్రైవ్‌లోంచి తెచ్చి పేజీలో పెడితే ఆ ఫైలుకి విడిగా షేరింగ్ ఇవ్వాలి. సైటు చూసే అనుమతి ఫైలుకి దానంతటది రాదు. ఇవ్వకపోతే మీకు మీ ఫోన్లో బాగానే వినిపిస్తుంది, అత్తయ్యకి మాత్రం పర్మిషన్ కావాలని చూపిస్తుంది. "అది రావట్లేదురా" అని ఫోన్ వస్తే ముందు చూడాల్సింది అదే. విసుగొచ్చి "లింకు ఉన్న ఎవరైనా" అని మాత్రం మార్చేయకండి, ఆ గొంతు ఏ గ్రూపులోకి వెళుతుందో తర్వాత మన చేతిలో ఉండదు.

ఫోటోల విషయానికొస్తే, పాతవి వాట్సాప్‌లో మామూలుగా పంపమని అడగొద్దు. సైజు నలిగిపోతుంది, తీసిన తేదీ కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇక్కడ ఒక చిక్కుంది. డాక్యుమెంట్‌గా వచ్చిన ఫోన్ ఫోటోలో ఎక్కడ తీశారో ఆ లొకేషన్ కూడా దాగి ఉండొచ్చు. ఇంటి పేజీకి ఫరవాలేదు, బయటి పేజీకి వెళ్ళే ఆ ఒక్క ఫోటోకి తీసేయండి. విండోస్ కంప్యూటర్లో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి, Properties, అందులో Details, కింద Remove Properties and Personal Information. ఆల్బమ్ ఫోటోలని ఎవరైనా స్కానర్ ఉన్నవాళ్ళ దగ్గర 600 డీపీఐలో స్కాన్ చేయించండి, చిన్న పాస్‌పోర్ట్ ఫోటో కూడా పెద్దది చేస్తే ముఖం చెదరదు. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని మాత్రం లాగొద్దు, రంగు అద్దంతోనే ఊడొస్తుంది. లైటు ఆపి, కిటికీ పక్కన పెట్టి, అద్దం మీదుగానే కొంచెం ఏటవాలుగా ఫోన్‌తో తీసుకోండి.

కబుర్ల దగ్గర అందరూ ఆగిపోతారు. "నాన్న గురించి నాలుగు మాటలు రాసి పంపండి" అంటే వచ్చేది "చాలా మంచి మనిషి, అందరితో కలివిడిగా ఉండేవారు" అన్నంత వరకే. మాకూ ముందు అలాంటివే వచ్చాయి. ఆ తర్వాత ఫోటో చేతికిచ్చి, ఫోన్లో రికార్డర్ ఆన్ చేస్తున్నామని చెప్పి, అందులో ఉన్న వస్తువు గురించి అడగడం మొదలుపెట్టాం. పెద్దమ్మ ఒక ఫోటోలో పల్లెవెలుగు బస్సు మెట్టు దగ్గర నిలబడి ఉంది, భుజానికి నీలం డబ్బా. పిన్నికి చూపించి "ఈ డబ్బా ఏంటి పిన్నీ" అన్నాను.

"వ్యాక్సిన్ డబ్బా రా. లోపల నాలుగు ఐసు గడ్డలు పెట్టేవాళ్ళు. ఎండలో బస్సు ఆగిపోతే మీ పెద్దమ్మకి ప్రాణం మీదికొచ్చేది. చీర కొంగు తడిపి డబ్బా మీద కప్పేది, తన నెత్తిన మాత్రం ఏమీ ఉండేది కాదు. డ్రైవర్ నవ్వేవాడు, బిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటున్నావమ్మా అని."

ఇదంతా పిన్ని మాటల్లోనే, ఆవిడ యాసలోనే పేజీలో రాశాం. పల్స్ పోలియో మన దేశంలో 1995లో మొదలైంది, ఆ ఫోటో ఆదివారం పోలియో చుక్కలకి వెళ్తూ తీసిందని పిన్ని చెప్పడంతో, వెనక ఏమీ రాయని ఆ ఫోటో ఆ సంవత్సరానికి ముందుది కాదని తేలింది. మీ నాన్నగారి ఫోటోల్లోనూ అలాంటి వస్తువేదో ఉంటుంది. సైకిలో, ఆఫీసు బ్యాగో, ఎవరో ఇచ్చిన వాచీయో. దాని దగ్గర మొదలుపెట్టండి. రాసింది చెప్పినవాళ్ళకి మళ్ళీ చదివి వినిపించాకే పెట్టండి. "అది తీసెయ్ రా" అనే మాట అప్పుడే బయటికొస్తుంది.

అమ్మగారి భయంలో ఉన్న అసలు న్యాయం ఇక్కడే ఉంది. పోయినవాళ్ళ కథలో బతికున్నవాళ్ళుంటారు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని కాన్పుకి వెళ్ళిన కథ ఒకటి పిన్ని చెప్పింది, ఇంటిపేరుతో సహా. ఆ పుట్టినామె ఇప్పుడు పిల్లల తల్లి. ఆమెకి ఫోన్ చేసి అడిగాం. ఆమె పొంగిపోయి, పేరు పెట్టుకోమని, తన ఫోటో కూడా పంపింది. అదే కుటుంబ నియంత్రణ శిబిరంలో పెద్దమ్మ చుట్టూ ఆడవాళ్ళు వరసగా కూర్చున్న ఫోటో చాలా బాగుంటుంది, కానీ ఎక్కడా పెట్టలేదు. ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళ ముఖాలు అవి. అందరినీ వెతికి అడగలేం. ఆస్పత్రి మంచం మీది ఫోటోలు, పాడె ఫోటోలు, జబ్బు వివరాలు ఇంటి పేజీలో కూడా వద్దని పెదనాన్న అన్నారు, ఎవరూ కాదనలేదు. ఆస్తి తగాదా వాసన ఉన్న కథలు కూడా అంతే. చిన్నపిల్లల ముఖాలు బయటి పేజీలో వేయలేదు. మీ ఇంట్లో "వద్దు" అనే హక్కు అమ్మగారికి ఇవ్వండి, కారణం అడక్కుండా. ఆ హక్కు తన చేతిలో ఉంటే ఆవిడే ఎక్కువ ఫోటోలు తీసిస్తారని నా అనుమానం. మా పెదనాన్న అలాగే ట్రంకు పెట్టె తెరిచారు.

కామెంట్లు బయటి పేజీలో పెట్టకండి. సైట్స్‌లో ఆ సదుపాయం ఎలాగూ లేదు. ఒక గూగుల్ ఫామ్ పెడితే వచ్చినవి చదివి, మీరు ఎంచుకున్నవే ఎక్కించొచ్చు. అందులో ఫోటో అప్‌లోడ్ అడిగితే మాత్రం పంపేవాళ్ళు గూగుల్ లాగిన్ అవ్వాలి, పెద్దవాళ్ళు అక్కడే వదిలేస్తారు. మాటలకి ఫామ్, ఫోటోలకి వాట్సాప్ అనుకోండి.

నాన్నగారికి ఫేస్‌బుక్ ఉంటే దాని సంగతి వేరే. దగ్గరి బంధువులు మరణ ధ్రువపత్రం చూపించి దాన్ని స్మారక ఖాతాగా మార్చమని అడగొచ్చు. పేరు పక్కన Remembering అని వస్తుంది, పుట్టినరోజు గుర్తుచేతలు ఆగిపోతాయి, అందులోకి ఇక ఎవరూ లాగిన్ కాలేరు. ఆయన బతికుండగా లెగసీ కాంటాక్ట్ పెట్టి ఉంటే వాళ్ళు ప్రొఫైల్ ఫోటో మార్చగలరు, మెసేజీలు మాత్రం చదవలేరు. అది ఆయన గోడ, దాన్ని జ్ఞాపకాల పేజీగా వాడుకోకపోవడమే మేలు.

చివరిగా, సైటుని ఒక్కరి చేతిలోనే ఉంచకండి. రెండేళ్ళు వాడని గూగుల్ ఖాతాని ఆ సంస్థ తీసేయొచ్చు, దానితో పాటు అందులోవన్నీ పోతాయి. మీకూ అక్కకీ ఇద్దరికీ ఎడిట్ హక్కు పెట్టుకోండి, సైటు ఎవరి ఖాతాలో ఉందో ఆ ఖాతాని మాత్రం అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండండి. అసలు ఫోటోలు, ఆడియోలు అన్నీ "1978_ఒంగోలు_నాన్న_బాబాయి" లాంటి పేర్లతో ఒక హార్డ్ డిస్కులో మీ దగ్గర, ఇంకొకటి అక్క దగ్గర ఉంచండి. పేజీ పోయినా వారం కూర్చుంటే మళ్ళీ కట్టొచ్చు, ఫైళ్ళు పోతే కట్టలేం.