వీలునామాలో ‘నా అల్లుడు’ అంటే ఎవరు?

సందేహం: మాది ప్రొద్దుటూరు. మా జేజినాయన వీలునామాను ఇంగ్లీషులోకి మార్చి అమెరికాలో ఉన్న మా అక్కకు పంపాలి. అందులో ఒకాయన్ను ‘నా అల్లుడు’ అని రాశారు. ఆయన మా జేజినాయన చెల్లెలి కొడుకే, మా అత్తను చేసుకున్నాడు. సన్-ఇన్-లా అనాలా, నెఫ్యూ అనాలా?

సమాధానం: ముందు వీలునామా మొత్తం ఒకసారి చదవండి. ఇంకెక్కడైనా ‘మేనల్లుడు’ అన్న మాట పడి ఉంటే, రాసిన లేఖరి ఆ రెంటికీ తేడా పాటిస్తున్నాడన్నమాట, అప్పుడు సన్-ఇన్-లా అని రాసుకోవచ్చు. ‘నా కూతురు ఫలానా భర్త’ అని పక్కనే ఉన్నా అంతే. అలాంటి ఆధారమేమీ లేకపోతేనే చిక్కు, ఎందుకంటే మన వైపు చెల్లెలి కొడుకును పిల్లనిచ్చినా ఇవ్వకపోయినా చిన్నప్పటి నుంచీ అల్లుడనే పిలుస్తాం, మేనరికం కుదిరాక కూడా పిలుపు మారదు.

అప్పుడు ‘అల్లుడు’ అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, ‘కూతురి భర్త కావచ్చు, చెల్లెలి కొడుకు కావచ్చు’ అని చదరపు బ్రాకెట్లలో అనువాదకుడి గమనిక పెట్టండి. ఆయన రెండూ అవుతాడని మీకు తెలిసినా సరే, ఆ సంగతి అనువాదంలోకి ఎక్కించకండి. కాగితంలో లేనిది చేర్చి, కింద ‘మూలానికి సరైన అనువాదం’ అని సంతకం పెడితే రేపు అవతలి పక్షం లాయరు పట్టుకునేది సరిగ్గా దాన్నే. బంధుత్వం చెప్పాల్సి వస్తే వేరే అఫిడవిట్‌లోనో వంశవృక్షంలోనో చెప్పండి. పేరు, తండ్రి పేరు, ఊరు మాత్రం మూలంలో ఎలా ఉంటే అలా, ఒక్క అక్షరం దిద్దకుండా.

ఆస్తి పోతుందేమోనని టెన్షన్ పడొద్దు. ఎవరికి ఇచ్చారో తెలుస్తున్నంత వరకు పేరులోనో బంధుత్వంలోనో తప్పున్నా ఆ ఇచ్చింది చెల్లుతుందని 1925 భారత వారసత్వ చట్టం 76వ సెక్షన్ చెబుతుంది.

వీలునామా లేకుండా పోయినవాళ్ల కాగితాలైతే మాత్రం ఈ మాటల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాళ్ల ఆస్తికి మొదటి తరగతి వారసులు లేనప్పుడు రెండో తరగతికి వెళ్తాం, అందులో చిన్నాయన, పెదనాయన ఏడో పద్దులో ఉంటే మేనమామ తొమ్మిదో పద్దులో ఉన్నాడు, ముందు పద్దులో ఒక్కరున్నా వెనక పద్దువాళ్లకు ఏమీ రాదు. అందరినీ ‘అంకుల్’ అని రాసేస్తే ఈ వరస కాస్తా చెరిగిపోతుంది. అక్కడ ఫాదర్స్ బ్రదర్, మదర్స్ బ్రదర్ అని విడమర్చి రాయాల్సిందే. చట్టం ఇంగ్లీషు ప్రతిలో ఉన్నవీ ఆ మాటలే. అన్నట్టు, కూతురి భర్త ఆ జాబితాలో ఎక్కడా లేడు, చెల్లెలి కొడుకు మాత్రం నాలుగో పద్దులో ఉన్నాడు.