మబ్బు తీసిన తర్వాత మిగిలే వేరుశనగ

ప్రశ్న: నేను అనంతపురంలో ఎంఎస్సీ జియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రిమోట్ సెన్సింగ్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, కళ్యాణదుర్గం ప్రాంతానికి ఆగస్టు నెల పంట పచ్చదనం చిత్రాన్ని మేఘాలు లేకుండా తయారుచేసి పంపమన్నారు. సెంటినెల్-2 ఉపగ్రహ దృశ్యాలతో చేశాను. పచ్చగా ఉన్న వేరుశనగ చేలు కూడా ఎండినట్టే కనిపిస్తున్నాయి. తప్పెక్కడ జరిగింది? పరీక్షకు ఏమేమి పంపాలి?

జవాబు: మబ్బులను అనుమానించే ముందు ఫైళ్లను అనుమానించండి. 2022 జనవరి చివరి నుంచి వస్తున్న సెంటినెల్-2 దృశ్యాలలో ప్రతి పిక్సెల్ విలువకు 1000 కలిపి నిల్వ చేస్తున్నారు. దాన్ని తీసివేసి, ఆ తర్వాత 10000తో భాగిస్తేనే అసలు పరావర్తనం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఒక వేరుశనగ చేనులో ఎరుపు పరావర్తనం 0.08, సమీప పరారుణం 0.32 అనుకుంటే, వాటి తేడాను మొత్తంతో భాగించి పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ 0.24ను 0.40తో భాగించగా 0.60 అవుతుంది. ఆ 1000 తీయడం మరిచిపోతే రెండు విలువలూ 0.18, 0.42గా మారతాయి, వాటి తేడా అంతే ఉన్నా మొత్తం పెరుగుతుంది కనుక ఎన్‌డీవీఐ 0.40కి పడిపోతుంది. పల్చని మబ్బు కూడా రెండు బ్యాండ్లకూ దాదాపు సమానంగా వెలుగు కలుపుతుంది కాబట్టి పొలం మీద దాని ప్రభావమూ అచ్చం ఇలాగే కనిపిస్తుంది. రెండింటినీ విడదీయడానికి పెన్నహోబిలం జలాశయం మధ్యలో లోతైన నీటిమీద, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు సమీప పరారుణ బ్యాండు B8 విలువ చూడండి. అది కొన్ని వందల్లోనే ఉండాలి. 1000 దాటితే, ఫైలును చదివిన పద్ధతిలోనే తప్పు ఉంది. ఎర్త్ ఇంజిన్‌లో COPERNICUS/S2_SR_HARMONIZED వాడితే ఈ సవరణ ముందే జరిగి ఉంటుంది.

ఇక మబ్బు విషయానికి వస్తే, దృశ్యంతో పాటు వచ్చే, ప్రతి పిక్సెల్ ఏ రకానిదో అంకెతో చెప్పే SCL పొరలో 3 మేఘం నీడను, 8, 9 మేఘాలను, 10 పల్చని సిర్రస్ మేఘాన్ని సూచిస్తాయి. చాలామంది విద్యార్థులు 8, 9 తీసేసి పని అయిపోయిందనుకుంటారు. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న మబ్బు నీడ, సూర్యుడు 65 డిగ్రీల ఎత్తులో ఉంటే, దాదాపు 470 మీటర్ల దూరంలో పడుతుంది. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది కాబట్టి ఆ నీడ సాధారణంగా మబ్బుకు పడమటి వైపున కనిపిస్తుంది. మేఘపు అంచుల్లోని పొగలాంటి భాగాన్ని SCL తరచుగా మామూలు నేలగానే చూపుతుంది, అందువల్ల మబ్బు పిక్సెళ్లను తొలగించే ముసుగును వంద మీటర్ల మేర వెడల్పు చేయాలి:

```
var bad = scl.eq(3).or(scl.gte(8).and(scl.lte(10)));
var good = bad.focalMax(100, 'circle', 'meters').not();
```

ఈ ముసుగు ఎదురుదిశలోనూ తప్పుతుంది. సెంటినెల్-2కు ఉష్ణ బ్యాండు లేదు కనుక మబ్బు చల్లదనాన్ని అది చూడలేదు. తెల్లగా మెరిసేదేదైనా దానికి మబ్బులా కనిపించవచ్చు. తాడిపత్రి వైపు నాపరాళ్ల పొడి కుప్పలు, పెద్ద రేకుల కప్పులు ఉన్న చోట్ల దీన్ని గమనించండి. నెలలో వచ్చిన ప్రతి దృశ్యంలోనూ ఒకే చోట మబ్బు ఉంటే అది మబ్బు కాదు.

తర్వాతి నిర్ణయం నెలంతటికీ ఏ విలువ తీసుకోవాలన్నది. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి వస్తాయి కాబట్టి నెలకు సుమారు ఆరు దృశ్యాలు దొరుకుతాయి, ఆగస్టులో మీ చేనుకు వాటిలో మిగిలేవి రెండో మూడో కావచ్చు. మబ్బు ఎన్‌డీవీఐని తగ్గిస్తుంది గనుక గరిష్ఠ విలువ తీసుకోవడం పాత అలవాటు. మన జిల్లాకు నేను దాన్ని సిఫారసు చేయను. నెల మొదట్లో 0.55 ఉన్న చేను వాన ముఖం చాటేయడంతో నెలాఖరుకు 0.35కు దిగితే, గరిష్ఠం 0.55నే చూపి బెట్టను దాచేస్తుంది. మధ్యగతం మేలు, కానీ దానికీ తగినన్ని దృశ్యాలు కావాలి. 0.58, 0.60తో పాటు ముసుగు తప్పించుకున్న మబ్బు వల్ల వచ్చిన 0.40 ఉంటే మధ్యగతం 0.58గా నిలబడుతుంది, 0.60, 0.40 రెండే మిగిలితే 0.50 వస్తుంది, ఆ 0.50 ఏ రోజుదీ కాదు.

అందువల్ల పరీక్షకు ఎన్‌డీవీఐ చిత్రం ఒక్కటే పంపకండి. ప్రతి పిక్సెల్‌కు ఎన్ని నిర్మలమైన దృశ్యాలు దొరికాయో చూపే పొరను, వాటిలో చివరిది ఏ తేదీదో చూపే పొరను జతచేయండి. పక్కపక్క పొలాల మధ్య గీత గీసినట్టు తేడా కనిపిస్తే, అది పంటదా, ఒకటి ఆగస్టు 3, మరొకటి 28 నాటి దృశ్యాల నుంచి రావడం వల్లనా అన్నది ఆ పొరలే చెబుతాయి. ఒక్క దృశ్యమూ దొరకని చోట జూలై విలువతో పూడ్చవద్దు, ఖాళీగానే వదిలేయండి. ఇంటర్వ్యూలో మొదట ఆ ఖాళీల గురించే అడుగుతారని నా అంచనా. అప్పుడు ఆ పిక్సెల్ మీద ఆరు దృశ్యాలనూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూపగలిగేలా సిద్ధంగా ఉంచుకోండి.