రెండో యాంటీబయాటిక్ కన్నా ముందు కఫం పరీక్ష

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్ళు. దగ్గు మొదలై మూడు వారాలు దాటింది, సాయంత్రాలు జ్వరం వస్తోంది, బాగా చిక్కిపోయారు. మందుల షాపులో ఇంకో యాంటీబయాటిక్ కోర్సు వాడి చూడమంటున్నారు. టీబీ పరీక్ష నిజంగా అవసరమా?

అవసరమే, అదీ ఆ రెండో కోర్సు మొదలుపెట్టక ముందే. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అన్నయ్య.

అన్నయ్య మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో పనిచేసేవాడు. దగ్గు మొదలైనప్పుడు ఊక దుమ్ము వల్లనేనని తనూ అనుకున్నాడు, మేమూ అనుకున్నాం. సాయంత్రం ఆరు దాటితే ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసేది, తెల్లవారేసరికి జ్వరం ఉండేది కాదు కనుక మామూలుగానే పనికి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు బస్తాలు తూచే కాటా మీద నిలబడితే 54 కిలోలు చూపించిందట. నాలుగు నెలల క్రితం అదే కాటా మీద 62 ఉన్నాడు.

ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన ఏ పరీక్షా లేకుండా ఏడు రోజులకు లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాడు. జ్వరం తగ్గింది, ఆకలి వేసింది, మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. మూడు వారాలకు అన్నీ తిరిగి వచ్చాయి. ఆ మందు మామూలు న్యుమోనియా క్రిములతో పాటు క్షయ క్రిములను కూడా కొంతవరకు అణచగలదని, అందుకే దానిని మొండి టీబీ చికిత్సలో వాడతారని మాకు తర్వాత తెలిసింది. అది ఒక్కటే వాడితే జబ్బు నయం కాదు. కొన్నాళ్ళు కనబడకుండా పోతుంది, ఆ సమయంలో పరీక్ష చేసినా దొరకకపోవచ్చు, మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. మీ నాన్నగారికి షాపువారు ఏ మాత్ర ఇస్తున్నారో నాకు తెలియదు కానీ, దగ్గు మందులాగా దీనిని చేతికి ఇచ్చేయడం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

పరీక్ష దగ్గరా మేము ఒక పొరపాటు చేశాం. మొదటి రోజు అన్నయ్య డబ్బాలో ఉమ్మి ఇచ్చి వచ్చాడు, సూక్ష్మదర్శినిలో ఏమీ లేదన్నారు, ఇంటిల్లిపాదీ సంతోషించాం. మిల్లీలీటరు కఫంలో కనీసం 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటే తప్ప ఆ పద్ధతిలో కనబడవు. ఇక నురుగు ఉమ్మిలో ఏం దొరుకుతుంది? ప్రభుత్వాసుపత్రి ల్యాబులోని టెక్నీషియన్ అమ్మాయి డబ్బా వైపు చూసి, "అన్నా, ఇది నోట్లోది, నాకు గుండెల్లోంచి రావాలి" అని, ఎలా తీయాలో ఓపికగా చేసి చూపించింది. పొద్దున్న లేవగానే, ఏమీ తినకముందు నీళ్ళతో నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడు సార్లు గాలి నిండుగా పీల్చి కాసేపు బిగబట్టి, లోపలి నుంచి దగ్గి తీయాలి. చిక్కగా, జిగటగా ఉండే కళ్ళె ఒక చెంచాడు వస్తే సరిపోతుంది. మర్నాడు అలా తెచ్చిన కఫాన్ని సీబీనాట్ యంత్రంలో పెట్టారు. క్రిములు వందల్లో ఉన్నా పట్టుకోగల ఆ పరీక్ష సుమారు రెండు గంటల్లో టీబీ ఉందనీ, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందనీ, రెండూ ఒకేసారి చెప్పింది. మందులు సరిగ్గా ఎంచుకోవడానికి ఆ రెండో మాట ఎంతో కీలకం.

కనుక మీరు ప్రభుత్వాసుపత్రికే వెళ్ళి సీబీనాట్ లేదా అలాంటిదే అయిన ట్రూనాట్ అని పేరు పెట్టి అడగండి. అక్కడ అది ఉచితం. ఛాతీ ఎక్స్‌రే, షుగర్ పరీక్ష కూడా చేయించండి, ఎందుకంటే షుగర్ ఉన్నవారికి టీబీ తేలికగా వస్తుంది. రక్తం తీసి టీబీ చెబుతామనే యాంటీబాడీ పరీక్షకు డబ్బు పెట్టకండి. తప్పుడు ఫలితాలు ఇస్తున్నాయని కేంద్ర ప్రభుత్వం 2012లోనే వాటిని నిషేధించింది. కఫంలో ఏమీ లేదని వచ్చినా అంతటితో ఆగకుండా ఎక్స్‌రేతో ఛాతీ వైద్యునికి చూపించండి, ఈ వయసులో ఇవే లక్షణాలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా కారణం కావచ్చు. కళ్ళెలో రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఆ రోజే తీసుకువెళ్ళండి.

అన్నయ్య రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు వాడాడు. మూత్రం నారింజ రంగులోకి మారడం చూసి మొదటి రోజు భయపడ్డాడు, అది రిఫాంపిసిన్ రంగేనని ఆశా కార్యకర్త చెప్పింది. అయితే జబ్బు బయటపడక ముందు జరిగిన రెండు నెలల ఆలస్యంలో నాలుగేళ్ళ మా మేనకోడలు రోజూ తన పక్కనే పడుకుంది. పాపను కూడా పరీక్షించి, జబ్బు లేదని తేల్చి, రాకుండా ఉండేందుకు ఆరు నెలలు మాత్రలు వేశారు. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, నాన్నగారి ఫలితం రాగానే వాళ్ళ సంగతి కూడా అక్కడే అడగండి.